‘రిఫైన్డ్ షుగర్ లేదు’ అని రాస్తే చక్కెర లేనట్టేనా?

ప్రశ్న: మా ఆయనకు షుగర్ బార్డర్‌లో ఉందన్నారు డాక్టరుగారు. పొద్దున్నే తినడానికి మూడు రకాలు తెచ్చాను. మొదటిది గ్రనోలా. ‘రిఫైన్డ్ షుగర్ లేదు, తేనె, ఖర్జూరాలతో చేసినది’ అని ఉంది. రెండోది ‘మల్టీగ్రెయిన్, హై ఫైబర్’ ఫ్లేక్స్. మూడోది వెనీలా ఓట్స్ సాచెట్లు, వాటిమీద ‘లో షుగర్, గుండెకు మంచిది’ అని ఉంది. లేబుళ్ల మీద ఉన్నదంతా రాసి పంపుతున్నాను. వీటిలో నిజంగా చక్కెర తక్కువున్నది ఏది? ఏ బ్రాండ్లు మోసం చేస్తున్నాయో పేర్లతో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడింటిలో ఏదీ చక్కెర తక్కువని చెప్పుకోదగ్గది కాదండీ. పైగా ‘లో షుగర్’ అని రాసుకున్న సాచెట్‌లోనే అన్నిటికన్నా ఎక్కువ చక్కెర ఉంది. అందుకే దానితో మొదలుపెడతాను.

సాచెట్ పట్టికలోంచి మీరు రాసిన అంకె ‘100 గ్రాములకు చక్కెర 4.2 గ్రాములు’. ఆ కాలమ్ తలమీద చిన్న అక్షరాల్లో ‘తయారు చేశాక’ అని ఉందని కూడా రాశారు. కిటుకంతా అక్కడే ఉంది. ఒక సాచెట్ బరువు 35 గ్రాములు. అందులో చక్కెర 9 గ్రాములని పక్క కాలమ్ చెబుతోంది. దాంట్లో 180 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోయమన్నారు. పోస్తే మొత్తం 215 గ్రాములవుతుంది. 9ని 215తో భాగించి 100తో గుణిస్తే 4.2 వస్తుంది. ఆ అంకెను కిందికి తెచ్చింది మీ కుళాయి నీళ్లే. పొడిగా ఉన్నప్పటి లెక్క చూడండి: 9ని 35తో భాగించి 100తో గుణిస్తే దాదాపు 26 గ్రాములు. అంటే సాచెట్‌లో పావు వంతు చక్కెరే. నీళ్లు ఎన్ని పోసినా మీ ఆయన కడుపులోకి వెళ్లేది ఆ 9 గ్రాములే, అంటే రెండు చెంచాలకు పైమాటే.

కాబట్టి ఏ డబ్బా తీసుకున్నా పొడి పదార్థం 100 గ్రాములకు ఎంత చక్కెర ఉందో చూడాలి. ‘తయారు చేశాక’, ‘పాలతో కలిపి’, ‘ఒక సర్వింగ్‌కు’ అన్న కాలమ్‌లు పోల్చడానికి పనికిరావు. పొడి 100 గ్రాముల అంకె లేబుల్ మీద లేకపోతే, సర్వింగ్ బరువుతో ఇప్పుడు మనం చేసినట్టే లెక్క కట్టొచ్చు. ఘన పదార్థాల మీద ‘లో షుగర్’ అనాలంటే 100 గ్రాములకు 5 గ్రాములు మించకూడదన్నది చాలా దేశాల నియమం. బ్రిటన్‌లో డబ్బాల ముందువైపు వేసే రంగు గుర్తుల పద్ధతిలో 22.5 గ్రాములు దాటితే ఎర్ర రంగు పడుతుంది. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకుంటే చాలావరకు పని నడుస్తుంది. 5 లోపు ఉంటే తక్కువ, 22 దాటితే మరీ ఎక్కువ. మీ సాచెట్ 26 దగ్గర ఉంది.

‘గుండెకు మంచిది’ అన్న మాట సంగతి కూడా ఇక్కడే చెబుతాను. దానికి ఆధారం లేకపోలేదు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. రోజుకు 3 గ్రాముల చొప్పున అది ఒంట్లోకి వెళ్తే, సంతృప్త కొవ్వు తక్కువున్న భోజనంతో పాటుగా, కొలెస్ట్రాల్ కాస్త తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే ఓట్స్ విషయంలో ఈ మాట రాసుకోనిచ్చింది. అయితే సర్వింగ్‌లో 0.75 గ్రాములుంటే చాలంది, అంటే రోజుకు కావలసిన దాంట్లో పావు వంతు. ఓట్స్ బరువులో బీటా గ్లూకాన్ సుమారు 4 శాతం ఉంటుంది. మీ సాచెట్‌లో ఓట్స్ 68 శాతమని రాశారు కాబట్టి దాదాపు 24 గ్రాముల ఓట్స్, వాటిలో ఒక గ్రాము బీటా గ్లూకాన్. 3 గ్రాములు అందాలంటే రోజుకు ఇలాంటివి మూడు తినాలి, వాటితో పాటు 27 గ్రాముల చక్కెర కూడా. ఓట్స్ గురించి ఆ మాట నిజమే. ఈ సాచెట్ మీద దాన్ని అచ్చు వేయడం మాత్రం నాకు సబబుగా అనిపించదు.

ఇప్పుడు గ్రనోలా. మీరు అడిగిన మోసమన్న మాటకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. 100 గ్రాములకు చక్కెర 23 గ్రాములని పట్టికలో ఉంది. మీరు రాసిన దినుసుల వరస ఇది: రోల్డ్ ఓట్స్ 54 శాతం, ఖర్జూరం ముక్కలు 14 శాతం, తేనె, నూనె, బాదం 7 శాతం, ఖర్జూరం సిరప్.

దినుసుల జాబితా ఎప్పుడూ బరువును బట్టే ఉంటుంది, ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత. అంకె వేయని దినుసుల పరిమాణాన్ని కూడా దీన్నిబట్టి కొంతవరకు పట్టుకోవచ్చు. తేనె ఖర్జూరం తర్వాత వచ్చింది కాబట్టి 14 శాతానికి మించదు, బాదానికి ముందుంది కాబట్టి 7కు తగ్గదు. సిరప్ చివర్లో ఉంది కాబట్టి 7కు మించదు. ఇక చక్కెర లెక్క. ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరే, కాబట్టి 14 గ్రాముల ముక్కల నుంచి 9 గ్రాములు. ఓట్స్, బాదం రెండూ కలిపినా ఒక గ్రాము దాటదు. 23లోంచి ఈ 10 తీసేస్తే 13 మిగిలింది. అది తేనె, సిరప్ కలిపి ఇచ్చిన చక్కెర. తేనెలో 80 శాతం చక్కెరే ఉంటుంది కాబట్టి తేనె 11 శాతం, సిరప్ 6 శాతం అనుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. కాల్చినప్పుడు కొంత తేమ పోతుంది కనుక ఒక గ్రాము అటూ ఇటూ కావచ్చు, అంతకన్నా తేడా రాదు.

అంటే 100 గ్రాముల గ్రనోలాలో 13 గ్రాములు బయటినుంచి కలిపిన చక్కెరే. అది తేనె రూపంలో వచ్చినా, సిరప్ రూపంలో వచ్చినా, రక్తంలోకి చేరేది గ్లూకోజు, ఫ్రక్టోజులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తేనెనూ, సిరప్‌లనూ, పండ్లరసం కాన్సంట్రేట్‌నూ తగ్గించుకోవలసిన చక్కెరల్లోనే కలుపుతుంది. పెద్దవాళ్లు వీటిని రోజు మొత్తానికి సుమారు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మంచిదంటుంది.

మరి డబ్బా ముందు ఆ మాట ఎలా రాశారు? ‘నో యాడెడ్ షుగర్’ అనే మాటకు నియమాలున్నాయి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకాల ప్రకారం తేనె, సిరప్ వేసిన వాటిమీద ఆ మాట రాయకూడదు. చక్కెరకు బదులుగా ఎండుపండ్ల పేస్టు, పండ్లరసం కాన్సంట్రేట్ వేసినా రాయకూడదు. అందుకే ఈ కంపెనీ ఆ మాట జోలికి పోలేదు. ‘రిఫైన్డ్ షుగర్ లేదు’ అన్నదానికి అలాంటి కొలత లేదు, తెల్ల చక్కెర వేయకపోతే అది అక్షరాలా నిజమే అవుతుంది. మనం రెండూ ఒకటేనని చదువుకుంటాం. డబ్బా మీద ‘నో యాడెడ్ షుగర్’ అని ఉండాల్సిన చోట దానికి దగ్గరగా ఉండే మరో మాట కనిపిస్తే, తిప్పి దినుసులు చదవాల్సిందే. ‘సహజమైన తీపి’, ‘పండ్లతో తీపి’, ‘నిజమైన తేనెతో’ అన్నవన్నీ ఆ కోవలోవే.

ఒకే తీపిని మూడు నాలుగు పేర్లతో విడగొట్టడం కూడా ఇందులో కనిపిస్తోంది. తేనె, సిరప్ కలిపితే 17 శాతం, ఒకే పేరుతో రాస్తే ఓట్స్ తర్వాత రెండో స్థానం దానిదే. విడగొట్టారు కాబట్టి ఒకటి మూడో స్థానానికి, ఇంకొకటి చివరికి వెళ్లాయి. చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, రైస్ సిరప్ అని ఎన్ని పేర్లు కనిపించినా మనసులో వాటిని ఒకే కుప్పగా పోసి, ఆ కుప్ప ఎన్నో స్థానంలో నిలుస్తుందో చూసుకోండి.

గ్రనోలా సర్వింగ్ 30 గ్రాములని రాశారు. ఈ ఒక్కటీ మీ ఇంట్లోనే తేల్చుకోవాలి. మీ ఆయన రోజూ వేసుకునేంత గిన్నెలో ఆయన్నే పోయమని, వంటింటి త్రాసు మీద తూచండి. గ్రనోలా బరువైన సరుకు, 30 గ్రాములంటే గిన్నె అడుగు కూడా సరిగా కప్పదు. త్రాసు 75 గ్రాములు చూపించిందంటే, డబ్బా ఒప్పుకున్న 7 గ్రాముల చక్కెర కాస్తా 17 గ్రాములైనట్టు.

మల్టీగ్రెయిన్ ఫ్లేక్స్‌కు వస్తే, చక్కెర 100 గ్రాములకు 9 గ్రాములే. మూడింటిలో ఇదే తక్కువ కాబట్టి ఇదే మంచిదనిపిస్తుంది. కానీ షుగర్ విషయంలో నాకు దీనిమీదా అనుమానమే. దినుసులు చూడండి: శుద్ధి చేసిన గోధుమ పిండి, మొక్కజొన్న గ్రిట్స్, గోధుమ తవుడు, ఓట్స్ 8 శాతం, చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. మల్టీగ్రెయిన్ అంటే ఒకటికన్నా ఎక్కువ ధాన్యాలున్నాయని మాత్రమే. అవి పొట్టుతో ఉన్నాయని కాదు. ఇందులో మొదటి రెండూ పొట్టు తీసినవే. హై ఫైబర్ అన్నమాట అబద్ధం కాదు, 100 గ్రాములకు 6 గ్రాములుంటే అలా రాసుకోవచ్చు, దీనిలో 7 ఉన్నాయి. ఆ పీచు ఎక్కువగా తవుడు కలపడం వల్ల వచ్చింది.

మాల్టోడెక్స్‌ట్రిన్ గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇది పిండిపదార్థాన్ని చిన్న చిన్న గొలుసులుగా విరగ్గొట్టి చేసిన పొడి. గొలుసు కాబట్టి పట్టికలో ‘షుగర్స్’ వరసలోకి రాదు, పై వరసలో కార్బోహైడ్రేట్లలోనే ఉండిపోతుంది. ఒంట్లో మాత్రం త్వరగా విరిగి గ్లూకోజవుతుంది, రక్తంలో చక్కెరను చక్కెరంత వేగంగానూ పెంచగలదు. అందువల్ల బార్డర్‌లో ఉన్నవాళ్లు షుగర్స్ వరస ఒక్కటే చూసి ఆగకూడదు. మొత్తం కార్బోహైడ్రేట్లను పీచుతో భాగించండి. 10 లోపు వస్తే గింజ చాలావరకు గింజలా మిగిలిందని ఒక మోటు లెక్క. మీ ఫ్లేక్స్‌లో 78ని 7తో భాగిస్తే 11 వస్తోంది. మామూలు ఓట్స్‌లో కార్బోహైడ్రేట్లు 60 చిల్లర, పీచు 10 దాకా ఉంటాయి కాబట్టి 6 దగ్గర ఆగుతుంది.

బ్రాండ్ల పేర్లు అడిగారు. బహిరంగంగా తేలిన సంగతులు కొన్ని చెబుతాను. 2009లో అమెరికాలో పెద్ద కంపెనీలు కలిసి ‘స్మార్ట్ చాయిసెస్’ అని, మేలైన ఆహారమని చెప్పే ఆకుపచ్చ టిక్కు గుర్తు ఒకటి తెచ్చాయి. ఆ గుర్తు ఫ్రూట్ లూప్స్ అనే పొద్దుటి సీరియల్‌కు కూడా దక్కింది. దాని 29 గ్రాముల సర్వింగ్‌లో చక్కెర 12 గ్రాములు, అంటే బరువులో 41 శాతం. విమర్శలు వచ్చి, ఎఫ్‌డీఏ కన్నేసేసరికి అదే ఏడాది అక్టోబరులో ఆ పథకాన్ని ఆపేశారు. ఆ సంవత్సరమే కెలాగ్స్ వాళ్ల ఫ్రాస్టెడ్ మినీ వీట్స్ తింటే పిల్లల శ్రద్ధ దాదాపు 20 శాతం పెరుగుతుందన్న ప్రకటనను అక్కడి వాణిజ్య కమిషన్ ఎఫ్‌టీసీ తప్పుపట్టింది. పరీక్షలో ఆ పిల్లలను ఎవరితో పోల్చారో చూస్తే సంగతి తెలిసిపోతుంది. పొద్దున ఏమీ తినకుండా నీళ్లు మాత్రమే తాగిన పిల్లలతో! అప్పుడు కూడా 20 శాతం మెరుగుదల కనిపించింది సుమారు తొమ్మిదిమందిలో ఒకరికే. 2022లో బ్రిటన్‌లో అదే కంపెనీ కోర్టుకు వెళ్లింది. సీరియల్‌ను పాలతో కలిపే తింటారు కాబట్టి చక్కెర ఎక్కువా కాదా అన్నది పాలు కలిపాకే లెక్కించాలని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. మీ సాచెట్ మీద నీళ్లు కలిపిన కాలమ్ ఉందే, ఆ వాదన కూడా అలాంటిదే.

ఇంత చెప్పినా, ఫలానా కంపెనీని మానేసి ఫలానాది కొనండని మాత్రం నేను చెప్పను. ఎందుకంటే దాదాపు ప్రతి పెద్ద కంపెనీ ఒక పక్క ఏమీ కలపని ఓట్స్ అమ్ముతుంది, పక్క అరలోనే పాతిక శాతం చక్కెరున్న రకం కూడా పెడుతుంది. రెండింటిమీదా ఒకే లోగో, ఒకే గోధుమ కంకి బొమ్మ ఉంటాయి. పేరును నమ్మి పక్క ప్యాకెట్ తీసుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఒకే కంపెనీ ఒకే రకాన్ని కొత్త పాళ్లతో మళ్లీ తేవడం కూడా ఉంది, కాబట్టి పోయినసారి చదివిన లేబుల్ ఈసారికి చెల్లుతుందని అనుకోవద్దు. ‘30 శాతం తక్కువ చక్కెర’ అని కొత్తగా కనిపిస్తే దేనికన్నా తక్కువో చూడండి. 34 నుంచి 24కు దిగినా అది ఎర్ర రంగులోనే ఉంటుంది.

ఇక కొనాల్సింది. దినుసుల జాబితాలో ఒకే ఒక్క పేరు, ‘ఓట్స్’ అని మాత్రమే ఉన్న ప్యాకెట్ తీసుకోండి. 100 గ్రాములకు చక్కెర ఒక గ్రాము దగ్గర ఉంటుంది. అందులోనూ రకం చూసుకోవాలి, ఎందుకంటే చక్కెర అంకె అన్నిటికీ ఒకేలా ఉన్నా ఒంట్లో అవి ఒకేలా ప్రవర్తించవు. గింజను ముక్కలుగా కోసిన స్టీల్ కట్, మందంగా అదిమిన రోల్డ్ ఓట్స్‌కు గ్లైసిమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, సుమారు 55. పల్చగా నలిపి ముందే ఉడికించిన ఇన్‌స్టంట్ ఓట్స్‌కు 75 దాకా పోతుంది. ప్యాకెట్ మీద ఉడికే సమయం చూస్తే తేడా తెలుస్తుంది. నిమిషంలో అయిపోతుందని ఉంటే అది ఇన్‌స్టంట్ రకం. అయిదు నిమిషాలో, పదో అడుగుతున్నదే మీ ఆయనకు నప్పుతుంది.

చప్పగా ఉందని ఆయన అలిగితే ఉన్న గ్రనోలాను పారేయక్కర్లేదు. మూడు వంతుల రోల్డ్ ఓట్స్‌లో ఒక వంతు గ్రనోలా, బరువు లెక్కన కలపండి. 100 గ్రాములకు చక్కెర ఆరున్నరకు దిగుతుంది, నోటికి కరకర కూడా తగులుతుంది. నాలుక అలవాటు పడ్డాక ఆ ఒక వంతు కూడా తగ్గించుకుంటూ పోవచ్చు. ఎండుద్రాక్ష, ఖర్జూరం కలిపిన మ్యూస్లీ కొంటే వాటిలోనూ 60 శాతం పైన చక్కెరే కాబట్టి, ఎండుపండ్ల శాతం ఎంతో చూసి కొనండి. తాజా పండు మీరే కోసి వేసుకోవడం మేలు. అలాగని ఓట్స్ ఎంత తిన్నా ఫరవాలేదని కాదు, 40 గ్రాముల పొడి ఓట్స్‌లో 25 గ్రాముల కార్బోహైడ్రేట్లుంటాయి. అంతకుమించి వేసుకోకుండా దాంతోపాటు గుడ్డో, పెరుగో, గింజలో ఉంటే ఆకలి ఆగుతుంది, గ్లూకోజు కూడా నిదానంగా ఎక్కుతుంది.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తినేముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. ఒక రోజు సాచెట్‌తో, మరో రోజు అంతే బరువు రోల్డ్ ఓట్స్‌తో చూస్తే, ఆయన ఒంటికి ఏది ఎలా పడుతుందో ఏ లేబులూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. ఆయన ఇప్పటికే షుగర్ మాత్రలు వాడుతుంటే మాత్రం, పొద్దుటి తిండిలో కార్బోహైడ్రేట్లు ఒక్కసారిగా తగ్గించే ముందు డాక్టరుగారికి చెప్పండి, మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు.